పందొమ్మిదా, ఇరవయ్యా? కాగితం మడతల లెక్కలో పారేసిన దశాంశం

మా మేనకోడలు పదో తరగతి చదువుతోంది. మొన్న ఒక ఆదివారం యూనిట్ టెస్టు పేపరు పట్టుకుని నేరుగా మా ప్రెస్సుకే వచ్చేసింది. "మావయ్యా, నువ్వు రోజూ కాగితాలు మడుస్తావు కదా, ఇది చూసి చెప్పు" అంటూ ఒక లెక్క నా ముందు పెట్టింది. ముఖం చూస్తే బాగా ఏడ్చి వచ్చినట్టే ఉంది.

లెక్క ఇది: 0.1 మిల్లీమీటరు మందం ఉన్న కాగితాన్ని సగానికి సగం మడుస్తూ పోతే, దాని మందం చార్మినార్ ఎత్తును (56 మీటర్లు) చేరడానికి ఎన్ని మడతలు కావాలి? log 2 = 0.3010, log 5.6 = 0.7482 అని పక్కనే ఇచ్చారు.

పిల్ల లెక్క శుభ్రంగా చేసింది. 56 మీటర్లంటే 56,000 మిల్లీమీటర్లు. దాన్ని 0.1తో భాగిస్తే 5,60,000. అంటే 2ను ఎన్నిసార్లు గుణిస్తే 5,60,000 వస్తుందో కనుక్కోవాలి. log 560000 = 5.7482. దాన్ని 0.3010తో భాగిస్తే 19.097. ఇంతవరకూ ఒక్క తప్పు లేదు. చివరి వరుసలో "సుమారు 19 మడతలు" అని రాసింది. అక్కడే ఎర్ర ఇంకుతో కొట్టేసి, పక్కన "20" అని రాసి, నాలుగు మార్కుల్లో రెండు కోసేశారు.

రెండు మార్కుల సంగతి నాకు పట్టలేదు. కానీ ఆ కాగితం వైపు చూస్తుంటే ఒక విషయం మనసులోంచి పోలేదు. పిల్ల ఆ .097ను పారేసి 19 రాసింది. దిద్దిన టీచరు కూడా దాన్ని పారేసే 20 రాశారు. ఒకరు కిందికి, ఒకరు పైకి. ఆ లెక్క మొత్తంలో అసలు సంగతి చెప్పేది ఆ .097 ఒక్కటే. దాన్ని ఇద్దరిలో ఎవరూ చదవలేదు. ఈ పోస్టు దాని గురించే.

ముందు టీచరు వైపు నుంచి

ఇచ్చిన అంకెల ప్రకారం 20 సరైన జవాబు. అందులో అనుమానం లేదు. మడతలో సగం మడత ఉండదు. 19 మడతలకు 5,24,288 పొరలు అవుతాయి. పొరకు 0.1 మిల్లీమీటరు చొప్పున 52.4 మీటర్లు. చార్మినార్ కొనకు ఇంకా మూడున్నర మీటర్లు తక్కువ. ఇంకో మడత వేస్తే ఒక్కసారిగా 104.9 మీటర్లు. అందుకని 19.097 వచ్చినా, 19.001 వచ్చినా పైకే వెళ్లాలి. మార్కెట్లో సరుకు ధర లెక్కేసేటప్పుడు దగ్గరి రూపాయికి సవరించినట్టు ఇక్కడ సవరించడం కుదరదు.

పిల్లని అడిగాను, "పందొమ్మిది ఎందుకు రాశావమ్మా?" అని. "పాయింట్ తర్వాత అయిదు కంటే తక్కువుంటే వదిలేయమన్నారు కదా" అంది. అలవాటు ప్రకారం రాసింది, ఆలోచించి కాదు. కాబట్టి ఆ మార్కులు కోయడం అన్యాయమని నేను అనను. ఈ మాట ముందే చెప్పడం ఎందుకంటే, దీని తర్వాత నేను చెప్పబోయేది పిల్లని వెనకేసుకొస్తున్నట్టు అనిపించకూడదు.

0.1 ఎవరు కొలిచారు?

ఆ రోజు బైండింగ్ బల్ల దగ్గర కూర్చుని ఇంకో ప్రశ్న అడిగింది. "ఈ 0.1 అన్నది ఏ కాగితం మావయ్యా?"

కాగితంతోనే బతికేవాడిని కాబట్టి దీనికి నా దగ్గర జవాబుంది. జిరాక్సు సెంటర్లలో వాడే 80 జీఎస్ఎమ్ కాగితం మందం 0.1 మిల్లీమీటరు దాకా ఉంటుంది. నమ్మకం లేకపోతే సీలు విప్పని రీమును స్కేలుతో కొలవండి. 500 కాగితాలు కలిసి 5 సెంటీమీటర్లు అటూ ఇటూ ఉంటాయి. న్యూస్‌ప్రింట్ దీనికంటే బాగా పల్చన. లెటర్‌హెడ్లకు వాడే 100 జీఎస్ఎమ్ బాండ్ దీనికంటే మందం. ఇంకో సంగతి, జీఎస్ఎమ్ అన్నది బరువు, మందం కాదు. బాగా నొక్కి నునుపు చేసిన ఆర్ట్ పేపరు అదే బరువున్న మామూలు కాగితం కంటే పల్చగా ఉంటుంది. పైగా వానాకాలంలో కాగితం చెమ్మ పీల్చుకుని కొంచెం ఉబ్బుతుంది. మా గోడౌనులో ఆగస్టులో పేర్చిన రీముల దొంతి, ఏప్రిల్‌లో పేర్చిన దొంతి కంటికే తేడాగా కనిపిస్తాయి.

మా దగ్గర మందం కొలిచే మైక్రోమీటరు ఉంది. పిల్ల చేతికిచ్చాను. జిరాక్సు కాగితం దవడల మధ్య పెట్టి తిప్పితే 0.102 చూపించింది. బాండ్ పేపరు 0.12. "ఇప్పుడు రెండిటికీ లెక్క చెయ్యి" అన్నాను.

జిరాక్సు కాగితానికి 56,000ను 0.102తో భాగిస్తే సుమారు 5,49,000. దాని లాగ్‌ను log 2తో భాగిస్తే 19.07. అంటే ఇంకా 20 మడతలే. బాండ్ పేపరుకు 56,000ను 0.12తో భాగిస్తే 4,66,667. జవాబు 18.83. అంటే 19 మడతలు చాలు!

పిల్ల కళ్లు మెరిశాయి. "అయితే నా జవాబు కరెక్టే!" అంది. "నీ జవాబు ఆ కాగితానికి కరెక్టు. నీ లెక్కకి మాత్రం కాదు" అన్నాను. ఒప్పుకోవడానికి కాస్త టైమ్ పట్టింది.

మందం ఎంత దాటితే 19 సరిపోతుందో కూడా చూశాం. 56,000ను 5,24,288తో భాగిస్తే 0.1068. అంటే ప్రశ్నలో ఉన్న 0.1కి కేవలం 7 శాతం ఎక్కువ. ఈ 7 శాతం ఒక మిల్లు కాగితానికీ ఇంకో మిల్లు కాగితానికీ మధ్య ఉండే తేడా అంత. వేలితో తడిమితే తెలిసేది కాదు.

ఇంకా ఉంది. చార్మినార్ ఎత్తు 56 మీటర్లని కొన్ని చోట్ల, 48.7 మీటర్లని కొన్ని చోట్ల రాస్తుంటారు. 48.7 తీసుకుంటే 0.1 మిల్లీమీటరు కాగితానికే 18.9 వస్తుంది. మళ్లీ 19 మడతలే.

దశాంశం ఏం చెబుతోంది

లాగ్ లెక్కలో వచ్చే జవాబులో రెండు ముక్కలుంటాయి. బిందువుకు ముందున్నది మడతల సంఖ్య. బిందువు తర్వాత ఉన్నది, ఆ మడతల సంఖ్యను ఎంత నమ్మొచ్చో చెప్పే ముక్క. 19.097 అంటే "19 దాటాను, కానీ గడప మీదే ఉన్నాను, ఎవరైనా కాస్త నెడితే వెనక్కి పడతాను" అని.

ఎంత నెడితే పడుతుందో కూడా లెక్క కట్టొచ్చు. మందం 10 శాతం పెరిగితే జవాబు log 1.1ను log 2తో భాగించినంత తగ్గుతుంది. 0.0414ను 0.3010తో భాగిస్తే 0.1375. అంటే పది శాతం పొరపాటు విలువ ఒక మడతలో దాదాపు ఏడో వంతు. మందం రెట్టింపైతే తేడా సరిగ్గా ఒక్క మడత. ఈ రెండూ గుర్తుంటే చాలు. మీ కొలతలో పది శాతం అనుమానం ఉంటే, జవాబు ఏ పూర్ణసంఖ్యకైనా 0.14 లోపల ఉందేమో చూడండి. ఉంటే "19 లేదా 20" అని రాయడమే నిజాయితీ. లేకపోతే ధైర్యంగా ఒకే సంఖ్య రాయొచ్చు.

అందరికీ తెలిసిన చంద్రుడి లెక్కే తీసుకోండి. సగటు దూరం 3,84,400 కిలోమీటర్లు. 0.1 మిల్లీమీటరు కాగితానికి జవాబు 41.81. కాబట్టి 42 మడతలు. దశాంశం .81 కాబట్టి రెండు వైపులా చోటుంది. కాగితం మందం 0.088 నుంచి 0.174 దాకా ఏదైనా కావచ్చు, జవాబు 42 దగ్గర కదలదు. చంద్రుడి దూరం కూడా నెల నెలా సుమారు 3,63,000 కిలోమీటర్ల నుంచి 4,05,000 దాకా మారుతుంటుంది. అయినా 42 మారదు. ఎవరెస్టుకు (8,848.86 మీటర్లు) 26.4 వస్తుంది. అది కూడా గట్టి జవాబే, 27 మడతలు.

ఇది నాకు చాలా ఇష్టమైన సంగతి. నాలుగు లక్షల కిలోమీటర్ల దూరానికి మనం ఇచ్చే జవాబు, హైదరాబాద్ నడిబొడ్డున కళ్లెదుట నిలబడ్డ కట్టడానికి ఇచ్చే జవాబు కంటే నమ్మదగినది. దూరం పెద్దదా చిన్నదా అన్నదానితో సంబంధం లేదు. దశాంశం ఎక్కడ పడిందన్నదే ముఖ్యం. ఈ మాట మా పిల్లకి ఎవరూ చెప్పలేదు. నేను చదువుకున్న రోజుల్లో నాకూ ఎవరూ చెప్పలేదు. లాగ్ టేబుల్సు తిరగేసి నాలుగో స్థానం దాకా కచ్చితంగా తీసి, చివర్లో ఆ స్థానాలన్నీ కొట్టేసి, పూర్ణసంఖ్య చుట్టూ బాక్సు గీశాం.

మా మిత్రుడి అభ్యంతరం

ఇరవై ఏళ్లకు పైగా లెక్కలు చెబుతున్న మాస్టారొకాయన నాకు మిత్రుడు. పుస్తకాల పనిమీద ప్రెస్సుకు వస్తుంటారు. ఇదంతా ఆయనకు చెప్పాను. ఆయన ఊరుకోలేదు.

"మీరు చెప్పేది భౌతికశాస్త్రం ల్యాబులో మాట. పరీక్షలో 0.1 అని ఇస్తే అది సరిగ్గా 0.1. చార్మినార్ సరిగ్గా 56. అక్కడ కాగితం లేదు, చార్మినార్ లేదు, రెండు సంఖ్యలున్నాయి. నలభై మంది పిల్లల్లో ఒక్కొక్కరు ఒక్కో కాగితం కొలుచుకుని వస్తే పేపర్లు ఎలా దిద్దాలి?"

ఆయన మాటలో న్యాయముంది. దిద్దేవాళ్ల కష్టం నాకు తెలుసు, పరీక్ష పేపర్లు అచ్చు వేసేవాడిని కదా. కానీ అదే ప్రశ్నపత్రంలో "సుమారుగా" అన్న మాట ఉంది. సుమారు అన్నాక ఎంత సుమారో చెప్పాల్సిన పని కూడా ఉంటుంది. 0.1ను కచ్చితమైన సంఖ్యగా తీసుకోవాలంటే ప్రశ్నలోంచి కాగితాన్నీ చార్మినార్‌నూ తీసేసి, 2ⁿ ≥ 560000 అని అడిగితే సరిపోతుంది. కాగితాన్ని పిలిచాక దాని మందాన్ని కూడా పట్టించుకోవాలి.

ఆయనతో నేను ఒప్పుకోని అసలు చోటు ఇది. ఈ లెక్కకు కొలత కచ్చితంగా అక్కర్లేదు. లాగ్ గొప్పతనమే అది. 0.1 ఇవ్వకుండా పిల్లల్నే ఊహించమనండి. ఒకడు 0.05 అంటాడు, ఒకడు 0.2 అంటాడు. ఇద్దరి మధ్య నాలుగు రెట్ల తేడా ఉన్నా, చంద్రుడి జవాబులో తేడా రెండే రెండు మడతలు. ఒకడు 43 అంటాడు, ఇంకొకడు 41 అంటాడు. ఇంకే లెక్కలోనూ ఇంత తప్పు ఊహతో ఇంత దగ్గరి జవాబు రాదు. "41 నుంచి 43" అని రాసిన పిల్లాడికి "42" అని రాసిన పిల్లాడి కంటే ఎక్కువే తెలుసని నా నమ్మకం. మాస్టారు దీనికి తల ఊపారు కానీ, "మార్కులు మాత్రం 42కే" అన్నారు.

ప్రెస్సులో లాగ్

మేం మడతలు లెక్కపెట్టుకునే పద్ధతి చూస్తే లాగ్ అంటే ఏమిటో తేలిగ్గా అర్థమవుతుంది. తెలుగు పుస్తకాలు ఎక్కువగా డెమ్మీ 1/8 సైజులో వస్తాయి. ఒక షీటును మూడుసార్లు మడిస్తే ఎనిమిది ఆకులు, పదహారు పేజీలు, ఒక ఫారం. 1/8 అన్నది షీటులో ఎన్నో వంతో చెబుతుంది. మూడు మడతలన్నది లాగ్. కొత్తగా చేరిన కుర్రాడు కూడా ఎనిమిది అనగానే మూడు మడతలని, పదహారు అనగానే నాలుగని తడుముకోకుండా చెబుతాడు. వాడికి లాగ్ అన్న పేరు తెలియదు, అంతే.

మన దేశంలో ఈ ఊహ చాలా పాతది. 9వ శతాబ్దపు జైన పండితుడు వీరసేనుడు తన ధవళ టీకలో అర్ధచ్ఛేదం అన్న మాట వాడాడు. ఒక సంఖ్యను ఎన్నిసార్లు సగం చేయగలమో ఆ లెక్కే దాని అర్ధచ్ఛేదం. 32కు అర్ధచ్ఛేదాలు 5. మూడేసి భాగాలు చేస్తే త్రికచ్ఛేదం, నాలుగేసి చేస్తే చతుర్థచ్ఛేదం. మన పాఠ్యపుస్తకాల్లో "సంవర్గమానం" అన్న మాట చూస్తే పిల్లలకు ఏ బొమ్మా కళ్లముందు కదలదు. అర్ధచ్ఛేదం అంటే చేతిలో కాగితం కనిపిస్తుంది.

లాగ్ టేబుల్ లేకుండా మడతలు లెక్కేయడానికి నేను వాడే దారి కూడా చెబుతాను. పది మడతలంటే 1,024 పొరలు. వెయ్యి అనుకోండి. అంటే ప్రతి మూడు సున్నాలకూ పది మడతలు. 5,60,000లో మూడు సున్నాలు తీసేస్తే పది మడతలు, మిగిలింది 560. తొమ్మిది మడతలకు 512. 560 దానికి కొంచెమే ఎక్కువ. కాబట్టి 19 కొంచెం దాటింది, జాగ్రత్తగా చూడాల్సిన జవాబు. ఆ జాగ్రత్త మాట నోటిలెక్కలోనే వినిపిస్తుంది. క్యాలిక్యులేటరులో వచ్చే 19.097లో అది ఉన్నా చెవికెక్కదు.

ఏడు మడతల మాట

ఇదంతా విన్నాక పిల్ల ఒక జిరాక్సు కాగితం తీసుకుని మడవడం మొదలుపెట్టింది. ఆరు దాకా వచ్చింది. ఆరో మడత తర్వాత అది మూడు ముప్పావు సెంటీమీటర్లు పొడవు, రెండున్నర సెంటీమీటర్ల పైచిలుకు వెడల్పు ఉన్న గట్టి బిళ్లలా తయారైంది. ఏడోది బల్ల అంచున పెట్టి బలంకొద్దీ నొక్కితే వంగింది గానీ మడత పడలేదు. వదిలేయగానే విచ్చుకుంది. "ఏడు కంటే ఎక్కువ మడవలేరని అంటారు కదా, మరి చంద్రుడెందుకు?" అంది.

ఆ ఏడు అన్నది ప్రకృతి నియమమేమీ కాదు. అది కూడా లాగ్ జవాబే. ప్రతి మడతకూ మందం రెట్టింపవుతుంది, వైశాల్యం సగమవుతుంది. ఏ4 కాగితం 297, 210 మిల్లీమీటర్లు. దాన్ని అదే వైశాల్యమున్న చదరంగా అనుకుంటే భుజం 250 మిల్లీమీటర్లు. n మడతల తర్వాత మందం 0.1 × 2ⁿ, భుజం 250 ÷ 2^(n/2). రెండూ ఎప్పుడు సమానం? 2^(1.5n) = 2500 అయినప్పుడు. లాగ్ తీస్తే 3.398ను 0.4515తో భాగించాలి, 7.5 వస్తుంది. అంటే ఏడున్నర మడతల దగ్గర కాగితం ఘనం ఆకారానికి వచ్చేస్తుంది. ఘనాన్ని మడవడం అసాధ్యం. కాగితం పెద్దదైతే ఈ సంఖ్య పెరుగుతుంది, కానీ చాలా నెమ్మదిగా.

అసలు అడ్డంకి మడత అంచులో ఉంది. బైండింగ్ చేసేవాళ్లకు ఇది రోజూ కనిపించేదే. ఫారాలను ఒకదానిలో ఒకటి దూర్చి పిన్ను కొడితే లోపలి ఆకులు బయటికి పొడుచుకొస్తాయి, అంచు కత్తిరించాల్సి వస్తుంది. బయటి ఆకు లోపలి ఆకులన్నిటినీ చుట్టి రావాలి కదా, ఆ చుట్టు తిరగడానికి దాని పొడవు కొంత ఖర్చవుతుంది. మడత పెరిగేకొద్దీ ఈ ఖర్చు పెరుగుతుంది.

దీన్ని పద్ధతిగా లెక్క కట్టింది బ్రిట్నీ గాలివన్ అనే అమ్మాయి. అమెరికాలోని కాలిఫోర్నియాలో, పొమోనా ఊళ్లో హైస్కూలు విద్యార్థినిగా ఉన్నప్పుడు, 2002 జనవరిలో సుమారు 4,000 అడుగుల టాయిలెట్ పేపరును ఒకే దిశలో 12 సార్లు మడిచింది. ఆమె ఇచ్చిన సూత్రం ఇది:

```
L = (π t / 6) (2ⁿ + 4) (2ⁿ − 1)
```

t కాగితం మందం, n మడతలు, L కనీసం ఉండాల్సిన పొడవు. ఇదెక్కడ నుంచి వచ్చిందో చూడటం కష్టం కాదు. మొదటి మడతలో ఒక పొర తన మందమంత వ్యాసార్ధంతో అర్ధవృత్తం తిరుగుతుంది, ఖర్చు πt. రెండో మడతలో రెండు పొరలు, లోపలిదానికి πt, బయటిదానికి 2πt. మూడో మడతలో నాలుగు పొరలు, πt నుంచి 4πt దాకా. అన్నీ కూడితే పై సూత్రం వస్తుంది. జిరాక్సు కాగితానికి ఆరో మడత ఒక్కదాని ఖర్చే 16.6 సెంటీమీటర్లు. ఏడో మడతకు అది 65 సెంటీమీటర్లు. ఏ4 కాగితం మొత్తం పొడవే 29.7. ఒకే దిశలో మడిస్తే ఆరు మడతలకు కనీసం 22.4 సెంటీమీటర్లు కావాలి, ఏడుకు 88. కాబట్టి ఆ కాగితం ఆరు దగ్గర ఆగిపోవాల్సిందే. పిల్ల చేసినట్టు అడ్డంగా ఒకసారి, నిలువుగా ఒకసారి మడిస్తే లెక్క కాస్త వేరు. అందుకే ఏడోది ఊరించి వదిలేసింది.

మడతలు పెద్దవైతే ఈ సూత్రంలో 2ⁿ × 2ⁿ మాత్రమే లెక్కలోకి వస్తుంది. అంటే ఒక్క మడత పెంచాలంటే పొడవు నాలుగు రెట్లు కావాలి. ఇక చంద్రుడి సంగతి చూద్దాం. n = 42 అనుకుంటే 2ను 84 సార్లు గుణించాలి. దాన్ని πt/6తో గుణిస్తే పొడవు సుమారు పది లక్షల లక్షల కోట్ల కిలోమీటర్లు. కాంతి సంవత్సరాల్లో చెబితే లక్షా ఏడు వేలు. మన పాలపుంత ఒక అంచు నుంచి ఇంకో అంచుకు ఉన్న దూరం దాదాపు అంత. చంద్రుణ్ణి అందుకోవడానికి పాలపుంతంత పొడవున్న కాగితం కావాలి!

ఇక్కడ నాకు ఒక అనుమానం ఉంది, దాచను. ఇంత అసాధ్యమైన లెక్కను పిల్లల చేత ఎందుకు చేయించాలి? 42 అని చెప్పి ఆశ్చర్యపరచడం ఒక రకంగా అబద్ధం చెప్పడం కాదా? మడతల్లో పోయే పొడవు గురించి ఒక్క మాట చెప్పకుండా 42 దగ్గర ఆపేస్తే అవునేమో అనిపిస్తుంది. ఆ రెండో సగం చెప్పినప్పుడే పిల్లలకు మడత పెట్టడం వేరు, దొంతి పేర్చడం వేరు అని తెలుస్తుంది. లాగ్ చెప్పేది దొంతి లెక్క. మడతలో అంచు కూడా ఉంటుంది.

బిల్లు రోలుతో ఒక సాయంత్రం

పిల్ల వదల్లేదు. పక్క కిరాణా కొట్టులో బిల్లింగ్ మెషినులో పెట్టే కాగితం రోలు ఒకటి కొనుక్కొచ్చింది. డాబా మీద పరిచి టేపుతో కొలిస్తే 15 మీటర్లకు కాస్త ఎక్కువ ఉంది. మందం మైక్రోమీటరుతో కాకుండా మడతతోనే కొలుద్దామంది. రోలు చివర ముక్క కత్తిరించి ఆరుసార్లు మడిచి, 64 పొరలనూ ఇటుక కింద పెట్టి నొక్కి స్కేలు ఆనించింది. అంచు దగ్గర కాకుండా మధ్యలో చూస్తే నాలుగు మిల్లీమీటర్లు. 4ను 64తో భాగిస్తే 0.0625. సుమారు 0.06 అనుకున్నాం.

మడవకముందే జవాబు రాయమన్నాను. సూత్రంలో చిన్న పదాలు వదిలేసి, 6L/πtకు లాగ్ తీసి, log 2తో భాగించి, సగం చేసింది. 9.43 వచ్చింది. నోట్సులో రాసింది: "9 మడతలు. మందంలో పది శాతం తప్పున్నా మారదు." రెండో వాక్యం నేను చెప్పి రాయించింది కాదు. ఇక్కడ జవాబులో సగం తీసుకుంటాం కాబట్టి పది శాతానికి కదిలేది 0.07 మాత్రమే. అది కూడా తనే చూసుకుంది.

మడవడం మొదలైంది. ఒక కొస నేను పట్టుకున్నాను, ఇంకో కొస తను. గాలికి కాగితం లేస్తుంటే మా అక్క వచ్చి మధ్యలో చెప్పులు పెట్టింది. అయిదు దాకా హాయిగా వచ్చింది. ఆరు, ఏడు మోకాలితో నొక్కి వేశాం. ఎనిమిదోది పడింది. అప్పటికి అది ఆరు సెంటీమీటర్ల పొడవున, రెండు వేళ్ల మందాన ఉంది. లెక్క ప్రకారం మందం ఒకటిన్నర సెంటీమీటర్లే ఉండాలి, పొరల మధ్య గాలి చేరి ఎక్కువైంది. తొమ్మిదో మడతకు ఇద్దరం రెండు వైపులా నొక్కితే అంచు గుండ్రంగా తిరిగింది, రెండు కొసలూ ఒకదాని దగ్గరకి ఒకటి వచ్చాయి గానీ కలవలేదు. చెయ్యి తీయగానే విచ్చుకుంది.

"తొమ్మిది రావాలిగా?" అంది. సూత్రం చెప్పేది అంతకంటే దాటలేని హద్దు. పొరల మధ్య గాలి లేకపోతే, కాగితం జారకపోతే, అంచులు సరిగ్గా అర్ధవృత్తాలైతే వచ్చేది 9. గాలితో కలిపి పొర మందం 0.1 దాకా వచ్చిందనుకున్నా లెక్క ప్రకారం 9.06. ఇదేమీ పిల్లకి చెప్పకుండా, "ఇప్పుడు మళ్లీ చెయ్యి, 0.1 పెట్టి" అన్నాను. డాబా గోడ మీద నోట్సు పెట్టుకుని చేసింది. 9.06 చూసి కాసేపు పెన్ను ఆపింది. తర్వాత "9" అన్న అంకె కొట్టేసి "8 లేదా 9, గడప మీద ఉంది" అని రాసుకుంది.